టీజర్ టైటిల్, డిస్క్రిప్షన్: విడుదలకు ముందు ఒకటి, విడుదలయ్యాక ఒకటి

యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో ఫైల్‌ను తీసేసి, అదే లింక్ మీద ఇంకో ఫైల్ పెట్టడం కుదరదు. టీజర్ లింక్ ఎప్పటికీ టీజర్‌దే. పూర్తి వీడియో వచ్చినప్పుడు దానికి వేరే లింక్ వస్తుంది. చాలామంది టీజర్ పెట్టేటప్పుడు ఈ సంగతి గురించి ఆలోచించరు. టీజర్ నచ్చి నలుగురికి పంపినవాళ్ల మెసేజ్‌లలో ఉండేది పాత లింకే. ఆరు నెలల తర్వాత దాన్ని నొక్కినవాళ్లు కూడా టీజర్ దగ్గరికే వస్తారు. అక్కడ ఇంకా "త్వరలో" అని ఉంటే, వీడియో రాలేదనుకుని వెళ్లిపోతారు.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. ఒక వీడియో విడుదల చేసిన హడావిడిలో దాని టీజర్ సంగతి మర్చిపోయాను. కొన్ని నెలల తర్వాత ఆ టీజర్ కామెంట్లు తెరిచి చూస్తే, "ఇది ఎప్పుడు వస్తుందండీ?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగి ఉన్నారు. అప్పటికి పూర్తి వీడియో నా ఛానెల్లోనే ఉంది. ఎదురుచూసిన మనుషులకే అది చేరలేదు. అప్పటి నుంచి టీజర్ పెట్టే రోజే టైటిల్, డిస్క్రిప్షన్, పిన్ చేసే కామెంట్ రెండేసి చొప్పున రాసి పెట్టుకుంటున్నాను. మొదటివి విడుదలకు ముందు కోసం, రెండోవి విడుదలయ్యాక కోసం.

ఈ పద్ధతిని ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఒక పాత గోడ గడియారాన్ని బాగుచేసే 24 నిమిషాల వీడియో ఉందనుకోండి. దానికి 40 సెకన్ల అడ్డం టీజర్ తీశారు. గడియారంలో లోలకం చక్కగా ఊగుతోంది, టిక్ టిక్ వినిపిస్తోంది, కానీ ముల్లు కదలడం లేదు. పూర్తి వీడియో 2025 అక్టోబర్ 17, శుక్రవారం సాయంత్రం 6 గంటలకు వస్తుంది.

1. ముందుగా, ఏం దాచాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

టైటిల్ జోలికి వెళ్లకముందే ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. మొదటిది చూసేవాళ్లకు చెప్పే సంగతి. రెండోది పూర్తి వీడియో దాకా దాచే జవాబు. మన గడియారం విషయంలో అవి ఇలా ఉంటాయి:

చెప్పేది: లోలకం ఊగుతోంది, ముల్లు కదలడం లేదు.
దాచేది: లోపలి యంత్రం బాగానే ఉంది. ముళ్లను పట్టి తిప్పాల్సిన వాషర్ వదులైంది. అందుకే యంత్రం తిరుగుతున్నా ముళ్లు దానితో పాటు తిరగడం లేదు.

కుతూహలం పుట్టేది చెప్పిన సంగతి నుంచే. "మీరు నమ్మలేరు", "చివర్లో ఏం జరిగిందో చూడండి" లాంటి మాటల్లో సంగతి ఏమీ లేదు. అవి ఏ వీడియోకైనా అతుకుతాయి కాబట్టి ఏ వీడియోనూ గుర్తుంచుకునేలా చేయవు. ఊగే లోలకం, కదలని ముల్లు అనగానే బొమ్మ కళ్లకు కడుతుంది, అందులో పొసగనిది ఏదో ఉందని తెలుస్తుంది. మనసు దానంతటదే "ఎందుకు?" అని అడుగుతుంది.

ఇక్కడ ఒక పరీక్ష పెట్టుకోండి. టీజర్ వేసే ప్రశ్నకు పూర్తి వీడియోలో జవాబు ఉందా? ఏ నిమిషంలో ఉంది? ఆ నిమిషాన్ని వేలు పెట్టి చూపించలేకపోతే ప్రశ్న మార్చండి. జవాబు లేని ప్రశ్న వేసి జనాన్ని రప్పిస్తే, వాళ్లు పూర్తి వీడియోను మధ్యలోనే వదిలేస్తారు. వీడియోలో లేనిది ఉన్నట్టు చెప్పే టైటిల్, థంబ్‌నెయిల్ యూట్యూబ్ నియమాలకు కూడా విరుద్ధం. టీజర్‌కు "పూర్తి వీడియో" అని పేరు పెట్టడం కూడా అలాంటిదే.

2. టీజర్ టైటిల్

మన టైటిల్ ఇది:

```
లోలకం ఊగుతోంది, ముల్లు కదలడం లేదు. ఎందుకు? | టీజర్ | అక్టోబర్ 17
```

ప్రశ్న ముందు, "టీజర్" అనే మాట తర్వాత, తేదీ చివర. ఫోన్‌లో పొడవైన టైటిల్ చివర తెగిపోతుంది. తెగినా ప్రశ్న మిగలాలి కాబట్టే ఈ వరస. తేదీ తెగిపోయినా నష్టం లేదు, డిస్క్రిప్షన్ మొదటి లైన్‌లో అది మళ్లీ ఉంటుంది.

టైటిల్‌కు యూట్యూబ్ ఇచ్చే హద్దు 100 అక్షరాలు. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. మనకు ఒక్క అక్షరంగా కనిపించేది కంప్యూటర్ లెక్కలో ఒకటి కాదు. గుణింతం, వత్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" మనకు ఒక అక్షరం, ఆ లెక్కలో ఆరు. పై టైటిల్ చూడటానికి చిన్నదే అయినా 64 దాకా తీసుకుంటుంది. వీడియోలను నడిపే యూట్యూబ్ స్టూడియోలో టైటిల్ గడి కిందే ఈ లెక్క కనిపిస్తుంది. విడుదలయ్యాక వాడే టైటిల్‌ను కూడా ఇప్పుడే ఆ గడిలో పేస్ట్ చేసి, 100 లోపు ఉందో లేదో చూసి, సేవ్ చేయకుండా బయటికి రండి. విడుదల రోజు మాటలు కుదించుకుంటూ కూర్చోవాల్సిన టెన్షన్ ఉండదు.

పూర్తి వీడియో టైటిల్ కూడా ఈ రోజే ఖాయం చేయండి. దానికి టీజర్ టైటిల్‌నే కాపీ కొట్టకండి. ఒకే మాటలు రెండింటిలోనూ ఉంటే, సెర్చ్‌లో రెండూ ఒకే చోటు కోసం పోటీ పడతాయి. టీజర్ ముందే వచ్చి, ముందే వ్యూస్ తెచ్చుకుని ఉంటుంది కాబట్టి చాలాసార్లు అదే పైన కనిపిస్తుంది. నేను పాటించే పద్ధతి ఇది: కుతూహలం టీజర్‌కు, జనం వెతికే మాటలు పూర్తి వీడియోకు. "గోడ గడియారం రిపేర్" అని వెతికే మనిషికి కావాల్సింది 24 నిమిషాల వీడియో. కాబట్టి ఆ మాటలు టీజర్ టైటిల్‌లో పెట్టను. పూర్తి వీడియో టైటిల్‌లో మొదటే పెడతాను:

```
గోడ గడియారం రిపేర్: ముల్లు ఎందుకు ఆగిందో విప్పి చూద్దాం
```

ఇందులోనూ జవాబు లేదు, గమనించారా? పూర్తి వీడియోను ప్రీమియర్‌గా, అంటే చెప్పిన సమయానికి అందరూ ఒకేసారి చూసేలా పెడితే దాని పేజీ విడుదలకు ముందే అందరికీ కనిపిస్తుంది. టీజర్‌లో ఎంతో జాగ్రత్తగా దాచిన జవాబు, ప్రీమియర్ పేజీ టైటిల్‌లోనో థంబ్‌నెయిల్‌లోనో బయటపడటం నేను చాలాసార్లు చూశాను. డిస్క్రిప్షన్‌లో పెట్టే చాప్టర్ పేర్లు కూడా అంతే. "14:20 వదులైన వాషర్" అని రాస్తే కథ అయిపోయినట్టే. విడుదలయ్యేదాకా చాప్టర్లు పెట్టకపోవడం మంచిది.

3. తేదీ ఎలా రాయాలి, ఎక్కడ రాయకూడదు

"రేపు", "ఈ శుక్రవారం", "వచ్చే వారం" అని రాయకండి. రాసిన రోజున వాటి అర్థం స్పష్టంగానే ఉంటుంది. పదిహేను రోజుల తర్వాత చూసేవాళ్లకు అది ఏ శుక్రవారమో తెలియదు. డిస్క్రిప్షన్‌లో తేదీ, వారం, సంవత్సరం, సమయం, కాలమానం అన్నీ ఉండాలి. వారం పేరు రాయడంలో ఇంకో లాభం ఉంది. తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే, పొరపాటు ప్రచురించక ముందే మీ కంట్లో పడుతుంది. కాలమానం ఎందుకంటే, చూసేవాళ్లు వేర్వేరు దేశాల్లో ఉండవచ్చు. సాయంత్రం 6 అంటే ఎక్కడి సాయంత్రమో వాళ్లకు తెలియాలి.

తేదీ రాయడానికి పనికొచ్చేవి మీరు తర్వాత మార్చగలిగే చోట్లే: టైటిల్, డిస్క్రిప్షన్, పిన్ చేసిన కామెంట్. థంబ్‌నెయిల్ కూడా మార్చవచ్చు గానీ, తేదీ లేకుండా చేస్తేనే నయం. విడుదల తర్వాత కూడా అదే బొమ్మ పనికొస్తుంది, చూసినవాళ్లు గుర్తుపడతారు.

మార్చలేనిది వీడియో లోపలి భాగం. తెర మీద వేసిన తేదీ, గొంతుతో చెప్పిన తేదీ అక్కడే ఉండిపోతాయి. తప్పదనుకుంటే తేదీ కార్డును టీజర్ చివరి సెకన్లలో మాత్రమే పెట్టండి. అవసరమైతే స్టూడియోలోని ఎడిటర్‌తో ఆ చివరి ముక్కను కత్తిరించవచ్చు. లింక్, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. దీనికీ ఒక హద్దు ఉంది: వీడియోకు లక్ష వ్యూస్ దాటితే, యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేని ఛానెళ్లకు ఇలాంటి కత్తిరింపులు సేవ్ కాకపోవచ్చు. అంటే టీజర్ బాగా ఆడినప్పుడే తప్పు తేదీ సరిదిద్దడం కష్టమవుతుంది. మన ఉదాహరణలో తేదీ కార్డు బదులు చివరి 8 సెకన్లు ఊగే లోలకాన్ని మాత్రమే చూపించాం. ఆ స్థలం ఎండ్ స్క్రీన్‌కు, అంటే చివర్లో ఇంకో వీడియోకు దారి చూపే గడికి పనికొస్తుంది.

తేదీ ఖాయం కాకపోతే నెల మాత్రమే రాయండి. అది కూడా తెలియకపోతే ఏమీ రాయకండి. నా లెక్కలో, ఎడిటింగ్ పూర్తయి ఫైల్ చేతికి వచ్చాకే తేదీ ప్రకటించాలి.

4. లింక్ ముందే సంపాదించండి

టీజర్ పెట్టే నాటికే పూర్తి వీడియోను అప్‌లోడ్ చేయగలిగితే సగం పని తప్పుతుంది. రెండు దారులున్నాయి.

మామూలుగా షెడ్యూల్ చేస్తే ఆ వీడియో సమయం వచ్చేదాకా ప్రైవేట్‌గా ఉంటుంది. లింక్ మీకు ముందే తెలుస్తుంది కానీ ఇతరులు నొక్కితే తెరుచుకోదు. కాబట్టి దాన్ని టీజర్‌లో ఇప్పుడే పెట్టకూడదు. "తర్వాత" కోసం రాసుకున్న డిస్క్రిప్షన్‌లో పెట్టి ఉంచుకోవాలి.

షెడ్యూల్ చేసేటప్పుడు `Set as Premiere` ఎంచుకుంటే, ఆ పేజీ అప్పటి నుంచే అందరికీ తెరుచుకుంటుంది. అక్కడ `Notify me` నొక్కినవాళ్లకు మొదలవడానికి సుమారు 30 నిమిషాల ముందు ఒకసారి, మొదలయ్యాక ఒకసారి గుర్తుచేస్తారు. టీజర్ ఉన్న ఛానెల్‌కు నేను దీన్నే సిఫారసు చేస్తాను. టీజర్ చూసి ఆసక్తి కలిగిన మనిషికి ఆ క్షణంలోనే నొక్కడానికి ఒక చోటు దొరుకుతుంది, పైగా విడుదల రోజు లింక్ మారదు. అలా పెట్టిన లింక్ విడుదలకు ముందూ తర్వాతా రెండు పనులకూ సరిపోతుంది.

మన టీజర్ డిస్క్రిప్షన్ విడుదలకు ముందు ఇలా ఉంటుంది:

```
పూర్తి వీడియో: 2025 అక్టోబర్ 17, శుక్రవారం సాయంత్రం 6 (భారత కాలమానం)
రిమైండర్ పెట్టుకోండి: https://youtu.be/VIDEO_ID

లోలకం ఊగుతోంది, టిక్ టిక్ వినిపిస్తోంది. ముల్లు మాత్రం
ఉన్నచోటే ఉంది. 24 నిమిషాల్లో ఒక్కో భాగం విప్పి కారణం వెతుకుతాం.
```

`VIDEO_ID` ఉన్న చోట మీ లింక్ వస్తుంది. సెర్చ్ ఫలితాల్లోనూ, డిస్క్రిప్షన్ తెరవకముందూ కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. అందుకే సోషల్ మీడియా లింకులు, కృతజ్ఞతలు అన్నీ కిందికి వెళ్లాలి. ఈ మొదటి రెండు లైన్లనే పిన్ చేసిన కామెంట్‌లో కూడా పెట్టండి.

టీజర్ నిలువుగా, మూడు నిమిషాల లోపు ఉంటే అది షార్ట్స్‌లోకి వెళ్తుంది. షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టిన లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కడానికి పనిచేయవు. ఎండ్ స్క్రీన్ కూడా ఉండదు. అక్కడ మీకున్న దారి స్టూడియోలోని `Related video`. విడుదలయ్యాక పూర్తి వీడియోను అందులో ఎంచుకోవాలి. మన టీజర్‌ను అడ్డంగా తీయడానికి కారణం ఇదే.

5. తేదీ వాయిదా పడితే

నిర్ణయం తీసుకున్న గంటలోనే ప్రీమియర్ సమయం, టైటిల్, డిస్క్రిప్షన్, పిన్ చేసిన కామెంట్ నాలుగూ మార్చండి. ఒకటి మార్చి ఇంకొకటి మరిస్తే రెండు తేదీలు కనిపిస్తాయి, అప్పుడు ఏదీ నమ్మరు. డిస్క్రిప్షన్ మొదటి లైన్‌లో "విడుదల తేదీ మారింది" అని స్పష్టంగా రాసి కొత్త తేదీ ఇవ్వండి. పాత తేదీని చడీచప్పుడు లేకుండా మార్చేస్తే, దాన్ని గుర్తుపెట్టుకున్న మనిషి పాత తేదీకే వచ్చి నిరాశపడతాడు.

డిస్క్రిప్షన్ మారిస్తే ఎవరికీ నోటిఫికేషన్ వెళ్లదు. అందుకే ఛానెల్ పోస్ట్‌లో కూడా ఒక మాట రాయాలి.

6. విడుదల రోజు, ఏది ముందు ఏది తర్వాత

ఈ పనికి పదిహేను నిమిషాలు పడుతుంది. వరస తప్పకుండా చేయాలి, ఎందుకో చెప్తాను.

మొదట, లాగిన్ లేని బ్రౌజర్ విండోలో పూర్తి వీడియో లింక్ తెరిచి చూడండి. మీ అకౌంట్‌లో ప్రైవేట్ వీడియో కూడా మీకు తెరుచుకుంటుంది కాబట్టి, అందులో చూసి వచ్చేసిందనుకుంటే మోసపోతారు. ప్రీమియర్ అయితే, అది మొత్తం ఆడి మామూలు వీడియోగా మారేదాకా ఆగండి. మన ఉదాహరణలో అది సుమారు 6:25కు.

తర్వాత టీజర్ డిస్క్రిప్షన్‌లో మొదటి రెండు లైన్లు మార్చండి:

```
పూర్తి వీడియో ఇక్కడ చూడండి: https://youtu.be/VIDEO_ID
(ఇది 40 సెకన్ల టీజర్. పూర్తి వీడియో 2025 అక్టోబర్ 17న విడుదలైంది.)
```

తేదీని పూర్తిగా తీసేయలేదు. "వస్తుంది" అన్నది "విడుదలైంది" అయింది. తర్వాత వచ్చేవాళ్లకు తాము చూస్తున్నది ఎప్పటిదో తెలుస్తుంది.

మూడోది పిన్ చేసిన కామెంట్. దాన్ని ఎడిట్ చేశాక ఇంకా పైనే పిన్ అయి ఉందో లేదో చూసుకోండి. "ఎప్పుడు వస్తుంది?" అని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికీ లింక్‌తో జవాబు రాయండి. నోటిఫికేషన్లు ఆపుకోని వాళ్లకు ఆ జవాబు వచ్చినట్టు తెలుస్తుంది. అడిగి మరీ ఎదురుచూసిన మనుషులు వీళ్లు, వీళ్ల కోసం ఆ పది నిమిషాలు ఖర్చుపెట్టాలి.

నాలుగోది ఎండ్ స్క్రీన్. అది వీడియో చివరి 5 నుంచి 20 సెకన్లలోనే పెట్టగలం, వీడియో కనీసం 25 సెకన్లు ఉండాలి. మన 40 సెకన్ల టీజర్‌లో చివరి 8 సెకన్ల మీద పూర్తి వీడియోను పెట్టాం. ఇక్కడ ఫలానా వీడియో అని స్పష్టంగా ఎంచుకోవాలి. "తాజా అప్‌లోడ్" అనే ఎంపిక పెడితే, వచ్చే వారం ఇంకో వీడియో పెట్టగానే టీజర్ దాన్ని చూపించడం మొదలుపెడుతుంది.

టైటిల్ అన్నిటికంటే చివర:

```
లోలకం ఊగుతోంది, ముల్లు కదలడం లేదు. ఎందుకు? | టీజర్ (పూర్తి వీడియో వచ్చింది)
```

టైటిల్‌లో "వచ్చింది" అని చదివి లోపలికి వచ్చిన మనిషికి లింక్, కామెంట్, ఎండ్ స్క్రీన్ అప్పటికే సిద్ధంగా ఉండాలి. టైటిల్ ముందు మార్చి మిగతావి తర్వాత చేస్తే, ఆ మధ్యలో వచ్చినవాళ్లు దారి దొరక్క తిరిగిపోతారు. "టీజర్" అన్న మాట తీసేయకండి. అది లేకపోతే ఈ 40 సెకన్లే మొత్తం వీడియో అనుకుంటారు.

పూర్తి వీడియో డిస్క్రిప్షన్‌లో కూడా "అక్టోబర్ 17న వస్తుంది" లాంటి పాత లైన్ ఉంటే తీసేసి, ఇప్పుడు చాప్టర్లు పెట్టండి. మొదటిది `00:00` నుంచి మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు.

చాలామంది కంట పడనిది ఇంకొకటి ఉంది. టైటిల్, డిస్క్రిప్షన్‌లకు స్టూడియోలో వేరే భాషల అనువాదాలు చేర్చి ఉంటే, అసలుది మార్చినంత మాత్రాన అవి మారవు. తెలుగులో "వచ్చింది" అని ఉంటుంది, ఇంగ్లీష్ సెట్టింగ్‌తో చూసేవాళ్లకు మాత్రం పాత తేదీయే కనిపిస్తుంది. ప్రతి భాషలోనూ విడిగా మార్చాలి.

7. వారం తర్వాత చూడాల్సింది

లాగిన్ లేని విండోలో మీ వీడియో కోసం జనం టైప్ చేసే మాటలతో వెతకండి. "గోడ గడియారం రిపేర్" అంటే పూర్తి వీడియో పైన రావాలి. టీజర్ పైన వస్తుంటే, స్టూడియో అనలిటిక్స్‌లో టీజర్‌కు వ్యూస్ ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. విడుదల తర్వాత కూడా సెర్చ్ నుంచి వచ్చే వాటా పెరుగుతూ, ఎండ్ స్క్రీన్ నొక్కేవాళ్లు తక్కువగా ఉంటే, పూర్తి వీడియోకు వెళ్లాల్సిన మనుషులు టీజర్ దగ్గరే ఆగిపోతున్నారని అర్థం. ముందుగా టీజర్ డిస్క్రిప్షన్‌లో, ట్యాగుల్లో ఉన్న ఆ వెతికే మాటలు తీసేసి కొన్ని రోజులు చూడండి.

అయినా మారకపోతే టీజర్‌ను అన్‌లిస్టెడ్ చేయండి. సెర్చ్‌లోనూ ఛానెల్ పేజీలోనూ అది కనిపించదు కానీ, పాత మెసేజ్‌లలో ఉన్న లింక్ నొక్కితే తెరుచుకుంటుంది, అక్కడి నుంచి పూర్తి వీడియోకు దారి ఉంటుంది. డిలీట్ చేసినా, ప్రైవేట్ చేసినా ఆ పాత లింకులన్నీ చచ్చిపోతాయి. నేనైతే ఇంతవరకు ఏ టీజర్‌నూ డిలీట్ చేయలేదు.